ఆడిట్ లాగ్: అకౌంటెంట్ విషయం తేల్చింది, లింక్ తెరిచిందెవరో తేల్చలేదు

మాది విజయవాడలో ఇంటీరియర్ పనులు చేసే చిన్న ఆఫీసు. కొటేషన్లు, రేటు షీట్లు అన్నీ మైక్రోసాఫ్ట్ 365లోని షేర్‌పాయింట్ ఫోల్డర్లలో ఉంటాయి. వాటి ఆడిట్ లాగ్ చాలాకాలంగా నేనే చూస్తున్నాను. ఫైల్‌ని మనిషి నొక్కి దించుకున్నాడా, సింక్ యాప్ తనంతట తాను దించిందా అన్నది అది విడిగా రాస్తుంది. నాకు దానిమీద ఇష్టం పుట్టింది అందుకే.

మా రేట్లు ఇంకో కాంట్రాక్టర్‌కి తెలిసిపోయాయని ఒక కస్టమర్ ద్వారా విన్నాం. మా పార్ట్‌నర్ లాగ్‌ని ఎక్సెల్‌లోకి దించి చూశారు. తెల్లవారుజామున 4:12 నుంచి వరుసగా వందల ఫైళ్లు, అన్నిటికీ మా అకౌంటెంట్ పేరే. ‘ఆ టైంలో ఎవరు పని చేస్తారండీ, వెంటనే పిలిచి అడుగుదాం’ అన్నారు. ముందు రెండు కాలమ్‌లు చూద్దామని ఆపాను. లాగ్‌లో టైం UTCలో ఉంటుంది. ఐదున్నర గంటలు కలిపితే 9:42, అంటే ఆఫీసు తెరిచాక. ఇక ఆపరేషన్ కాలమ్‌లో `FileDownloaded` లేదు, ప్రతి వరుసలోనూ `FileSyncDownloadedFull` ఉంది. ఆ రోజే ఆయనకి కొత్త ల్యాప్‌టాప్ ఇచ్చాం. వన్‌డ్రైవ్ యాప్‌లో లాగిన్ కాగానే ఫోల్డరంతా దిగింది. ఒక మనిషి పరువు నిలబడింది.

అలాగని సింక్ అని కనిపిస్తే అనుమానం పూర్తిగా తీరినట్టు కాదు. ల్యాప్‌టాప్‌లోకి దిగిన కాపీని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే ఆ సంగతి ఈ లాగ్‌లోకి రాదు. మాకు ల్యాప్‌టాప్ ఇచ్చిన తేదీ కలిసింది కాబట్టి సరిపోయింది.

తర్వాత రేటు షీట్ ఒక్కదాని పేరుతో వెతికాను. అంతకు రెండు వారాల ముందు సేల్స్ అబ్బాయి ఖాతా నుంచి `AnonymousLinkCreated` కనిపించింది. కస్టమర్‌కి వాట్సాప్‌లో పంపడానికి, లాగిన్ లేకుండా ఎవరైనా తెరవగలిగే లింక్ చేశాడు. దాని కింద `AnonymousLinkUsed` చాలాసార్లు, రకరకాల ఐపీ అడ్రస్‌లతో. ఇక్కడ మాత్రం లాగ్ నాకు సాయపడలేదు. మనిషి పేరు ఉండదు, ఐపీ ఒక్కటే. మొబైల్ డేటాలో ఒకే ఫోన్ ఐపీ కూడా మారుతుంటుంది కాబట్టి తెరిచింది పదిమందా, ఒక్కరేనా చెప్పలేం. ఆ లింక్ తీసేశాం. ఇప్పుడు కస్టమర్ ఈమెయిల్‌కే షేర్ చేస్తున్నాం, తప్పనిసరైన లింకులకి గడువు తేదీ పెడుతున్నాం.

మామూలు ప్లాన్‌లో లాగ్ 180 రోజులే నిలుస్తుంది. అందుకే నెలనెలా CSV దించి దాస్తాను. మా ఆఫీసులో అందరం ఒకరికొకరం తెలిసినవాళ్లమే కాబట్టి ఒక వరుస చూడగానే ఆ రోజు ఏం జరిగిందో అడిగి తెలుసుకోగలుగుతున్నాను. సిబ్బంది తరచూ మారే చోటైతే, ఓపెన్ లింకులు ఆపకుండా దీని మీదే ఆధారపడమని నేను చెప్పలేను.