అమనాజ్ ‘ఆఫ్రికా’: ఏడేళ్లు విన్నాక

జాంబియాలో 1975లో అమనాజ్ అనే ఐదుగురి బ్యాండ్ చేసిన ‘ఆఫ్రికా’ ఆల్బమ్ వినైల్ పునర్ముద్రణ ఏడేళ్లుగా నా దగ్గరుంది. వాళ్లు చేసింది ఈ ఒక్క ఆల్బమే. నేను కొన్నది రెండు రికార్డుల సెట్. ఆ కాలంలో ఇదే ఆల్బమ్ రెండు రకాల మిక్స్‌లతో, అంటే వాద్యాలనీ గొంతునీ కలిపిన రెండు తీరులతో, బయటికొచ్చింది, ఒకటి పొడిగా, ఇంకొకటి ప్రతిధ్వనిలా మోగే రివర్బ్ బాగా దట్టించి. సెట్‌లో రెండూ ఉన్నాయి.

జాంబియాలో ఆ రోజుల్లో పుట్టిన ఈ ఎలక్ట్రిక్ గిటార్ సంగీతాన్ని జామ్‌రాక్ అంటారు. దేశానికి స్వాతంత్ర్యం 1964లో వచ్చింది. రాగి గనుల డబ్బుతో పట్టణాల్లో కుర్రాళ్ల చేతికి గిటార్లు వచ్చాయి. రేడియోలో 95 శాతం స్వదేశీ సంగీతమే వేయాలని అధ్యక్షుడు కౌండా ఆదేశించడంతో బ్యాండ్లకు ఊపొచ్చింది. ఆ తర్వాత రాగి ధర పడిపోయింది, ఆ ఊపూ ఎక్కువ కాలం నిలవలేదు.

రికార్డు కొనకముందు నేను నెట్‌లో దొరికిన ఓ ఫైల్‌తో నెలల తరబడి సరిపెట్టుకున్నాను. అదే నా పెద్ద పొరపాటు. అందులో అంతా గరగరలాడేది, ఫజ్ అనే గరుకు మోత పెట్టిన గిటార్ అంటే అలాగే ఉంటుందేమో అనుకున్నాను. రికార్డు పెట్టి విన్న మొదటి రోజే తేడా తెలిసింది. ఫజ్ ఒక్క గిటార్‌కే ఉంటుంది, పక్కన డ్రమ్స్‌లోని లోహపు పళ్లెం, అదే సింబల్, ఖంగుమని తేటగా మోగుతుంది, గొంతు కూడా పగలదు. చెడిపోయిన కాపీలో మాత్రం గిటార్, సింబల్, గొంతు మూడూ ఒకేసారి చీలిపోతాయి. మీ దగ్గరున్న కాపీ మంచిదో కాదో తేల్చుకోవడానికి ఈ ఒక్క పరీక్ష చాలు. గిటార్‌ని వదిలేసి సింబల్‌ని వినండి.

ఫజ్ అంటే గిటార్ నుంచి వచ్చే సిగ్నల్‌ని సర్క్యూట్ మోయలేనంతగా పెంచేసి, దాని అలల కొసలు కోసేయడం. అప్పుడు మీటిన స్వరం వెంటనే ఆరిపోకుండా తుమ్మెద రొదలా సాగుతుంది. కానీ ఐదారు తీగలు కలిపి మీటితే స్వరాలు ఒకదానితో ఒకటి కొట్టుకుని ముద్దయిపోతాయి. అందుకే ఫజ్ వాడేవాళ్లు ఎక్కువగా ఒక్కొక్క స్వరమే వాయిస్తారు. ‘హిస్టరీ ఆఫ్ మ్యాన్’ పాటలో ఇది బాగా తెలుస్తుంది. ఫజ్ గిటార్ ఒక చిన్న వరసను పట్టుకుని మళ్లీ మళ్లీ అదే వాయిస్తుంది. ఆ స్వరం సాగుతూ ఉంటుంది కాబట్టి డ్రమ్స్ ఖాళీలన్నీ నింపే పని లేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య చోటు దొరుకుతుంది, లయ ఊపిరి తీసుకుంటుంది. నేను దీన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు, ఇప్పటికీ ఆ చోటు కోసమే వింటాను.

రెండు మిక్స్‌లలో ఏది మేలంటే, నా అభిప్రాయం కాలంతో పాటు మారింది. మొదటి రెండేళ్లు రివర్బ్ మిక్సే వినేవాణ్ణి. పెద్ద హాల్లో అవతలి చివర నుంచి వినిపిస్తున్నట్టుంటుంది, రాత్రిపూట లైట్లార్పి వింటే మత్తుగా ఉంటుంది. ‘ఖాలా మై ఫ్రెండ్’ లాంటి నెమ్మది పాటలోని దిగులు అందులో ఇంకా లోతుగా అనిపిస్తుంది. కానీ జోరైన పాటల్లో రివర్బ్ తోక తర్వాతి దెబ్బ మీద పడి లయ అంచు మొద్దుబారుతుంది. పొడి మిక్స్‌లో ఐదుగురూ మన గదిలోనే కూర్చున్నట్టుంటుంది, ఎవరి చెయ్యి ఎక్కడ పడుతోందో తెలుస్తుంది. ఇప్పుడు పదిసార్లు వింటే ఎనిమిదిసార్లు పొడి మిక్సే.

లోపాలూ ఉన్నాయి. ఒకటి రెండు ఇంగ్లీషు పాటలు అప్పటి పాశ్చాత్య రాక్‌ని అనుకరించినట్టే ఉంటాయి, వాటిని నేను దాటేస్తుంటాను. సొంత భాషలో పాడినప్పుడు మాత్రం గాయకుడి గొంతు వదులవుతుంది, మాటల విరుపు లయను నడిపిస్తుంది. చివరి పాట ‘కాలే’ అందుకే నాకు ప్రాణం.

స్థానిక తాళవాద్యాలు దండిగా కావాలనుకునేవాళ్లకు ఈ ఆల్బమ్ తృప్తినివ్వదు. ఇందులో అసలు బలం గిటార్లదే. అలాంటివాళ్లు అదే ఏడాది వచ్చిన ముసి-ఓ-తున్యా బ్యాండ్ ‘వింగ్స్ ఆఫ్ ఆఫ్రికా’ వినాలి. విక్టోరియా జలపాతానికి స్థానికులు పెట్టుకున్న పేరే ఆ బ్యాండ్‌దీ. అందులో బాకాలూ తాళవాద్యాలూ ముందుంటాయి, ఫజ్ వాటి మధ్యలోంచి దూసుకొస్తుంది. ఫంక్ ఊపు కావాలంటే విచ్ బ్యాండ్ ‘లేజీ బోన్స్’, అదీ 1975దే.

అమనాజ్‌తోనే మొదలుపెట్టేవాళ్లు పొడి మిక్స్ పెట్టి, నేరుగా ‘హిస్టరీ ఆఫ్ మ్యాన్’ దగ్గర సూది దించండి. వాల్యూమ్ మామూలు కంటే కాస్త పెంచండి. తక్కువ శబ్దంలో ఫజ్ ఒక్కటే పైకి తేలి, కింద బేస్ గిటార్ చేస్తున్న పని వినపడకుండా పోతుంది.