‘వీటికి పనిచేయదు’ అనే గడి: ల్యాప్‌టాప్ ఛార్జర్లు అమ్మేవాడిగా నా అనుభవం

ఆన్‌లైన్‌లో ల్యాప్‌టాప్ ఛార్జర్లు అమ్మేవాళ్లు సలహా అడిగితే నేను మొదట చెప్పేది ఒక్క గడి గురించే. లిస్టింగ్ ఫారంలో 'Compatible Models' అన్నచోట ఏయే మోడళ్లకు సరిపోతుందో అందరూ నింపుతారు. దాని కింద ఏమైనా రాసుకోమని వదిలేసే ఖాళీ గడిలో మేం ‘వీటికి పనిచేయదు’ అని రాయడం మొదలుపెట్టి రెండేళ్లు దాటింది. మా షాపులో సరిపోని ఛార్జర్ల రిటర్న్‌లు తగ్గాయంటే ఎక్కువ పుణ్యం ఈ గడిదే.

అంతకుముందు ఇదే మాట పిన్ ఫొటో గురించి చెప్పేవాణ్ణి. పిన్‌ను దగ్గర్నుంచి తీసి, పక్కనే మిల్లీమీటర్ల స్కేలు పెట్టి, లోపల మధ్యలో సన్నని సూది కనిపించేలా చూపిస్తే కొనేవాళ్లు తమ పాత ఛార్జర్‌తో పోల్చుకుంటారు. చాలావరకు అది పనిచేసింది కూడా. ఉదాహరణకు డెల్ ఇన్‌స్పిరాన్ 15 అనే పేరు మీదే 3521కి లావు పిన్, అంటే 7.4 మి.మీ., 3558కి సన్నని పిన్, 4.5 మి.మీ. పేరు చూసి ఆర్డర్ పెడితే పొరపాటు ఖాయం, ఫొటో చూస్తే కాదు. ఇప్పటికీ ఆ ఫొటో పెడుతూనే ఉన్నాం. కానీ ఫొటో ఒక్కటే చాలదని అనంతపురం నుంచి వచ్చిన ఒక ఫోన్ తర్వాత తెలిసింది.

ఫోన్ చేసినతను డిగ్రీ కుర్రాడు. “అన్నా, పిన్ కరెక్టుగా దూరింది. ల్యాప్‌టాప్ ఆన్ అయింది. బ్యాటరీ మాత్రం ఎక్కట్లేదు, పైగా బాగా స్లో అయిపోయింది. పీస్ పోయినట్టుంది,” అన్నాడు. తను కొన్నది హెచ్‌పీ నీలి పిన్ ఛార్జర్, 65 వాట్లు. తన దగ్గరున్నది డెల్ 3558. కొనేముందు పాత ఛార్జర్ పక్కన మా ఫొటో పెట్టి పోల్చుకున్నాడు. రెండూ 4.5 మి.మీ., రెండింటికీ మధ్యలో సూది, లేబుల్ మీద రెండింటికీ 19.5 వోల్టులే. ఆంపియర్లు హెచ్‌పీకి 3.33, డెల్‌కు 3.34. ఎవరు చూసినా సరిపోతుందనే అనుకుంటారు. డీలర్ల నుంచి వచ్చే రెడీమేడ్ పట్టికల్లో కూడా ఈ పిన్‌కు ఎదురుగా హెచ్‌పీ, డెల్ రెండూ కలిపి రాసేయడం మామూలే.

పీస్ వెనక్కి వచ్చింది. మల్టీమీటర్ పెడితే 19.5 వోల్టులు చక్కగా చూపించింది. షాపులో ఉన్న హెచ్‌పీ 15కి పెడితే వెంటనే ఛార్జింగ్ ఎక్కింది. ఛార్జర్‌లో లోపమేమీ లేదు.

విషయమంతా ఆ మధ్య సూదిలో ఉంది. కరెంటు వెళ్లేది పిన్ లోపలి గొట్టం, బయటి గొట్టం మీదుగా. మధ్య సూది పని వేరు, ఛార్జర్ ఎన్ని వాట్లదో ల్యాప్‌టాప్‌కు చెప్పడం. డెల్ ఛార్జర్‌లో దీనికోసం చిన్న మెమరీ చిప్ ఉంటుంది, ల్యాప్‌టాప్ దాన్ని చదువుతుంది. హెచ్‌పీ పద్ధతి వేరు, డెల్‌కు కావలసిన సమాచారం అందులో దొరకదు. అప్పుడు డెల్ ఏం చేస్తుందంటే, ఛార్జర్ ఏదో తెలియలేదు కాబట్టి జాగ్రత్త కోసం బ్యాటరీని ఛార్జ్ చేయడం మానేసి, ప్రాసెసర్ వేగాన్ని తగ్గించి నడుస్తుంది. కుర్రాడు చెప్పిన లక్షణాలు సరిగ్గా ఇవే. ల్యాప్‌టాప్ ఆన్ చేశాక డెల్ లోగో రాగానే F2 నొక్కి బయోస్ సెట్టింగుల్లోకి వెళితే 'AC Adapter' అన్నచోట వాట్లు కనిపించాలి. అక్కడ 'Unknown' అనో 'None' అనో ఉంటే ఛార్జర్‌ను ల్యాప్‌టాప్ గుర్తించలేదన్నమాట.

ఇందులో నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది ఇంకోటి. రిటర్న్ కారణాల్లో కుర్రాడు ఎంచుకున్నది ‘పనిచేయడం లేదు’. తన వైపు నుంచి అదే నిజం మరి. కానీ సైట్ లెక్కలో అది తప్పు మోడల్ రిటర్న్ కింద పడదు, డిఫెక్టు కింద పడుతుంది. పాత రిటర్న్‌లలో ‘డిఫెక్టు’ అని వచ్చిన నీలి పిన్ ఛార్జర్లను తీసి చూస్తే చాలావాటిలో కరెంటు బాగానే వస్తోంది. లెక్కలు మాత్రమే చూసుకుంటే ఈ సమస్య ఎప్పటికీ కనిపించదు.

ఆ తర్వాత ఆ లిస్టింగ్‌లో గడి ఇలా నింపాం: ‘వీటికి పనిచేయదు: డెల్ ఇన్‌స్పిరాన్, వోస్ట్రో (పిన్ దూరుతుంది, బ్యాటరీ ఎక్కదు). లావు పిన్, 7.4 మి.మీ. ఉన్న పాత హెచ్‌పీలు. టైప్-సీ ఛార్జింగ్ మాత్రమే ఉన్న హెచ్‌పీలు.’ బ్రాకెట్లో ఉన్న ఆ నాలుగు మాటలే ప్రాణం. ‘డెల్‌కు కాదు’ అని ఊరికే రాస్తే జనం నమ్మరు, పిన్ దూరుతోంది కదా అనుకుంటారు. దూరుతుంది కానీ ఎక్కదు అని వాళ్లు చూడబోయేదే ముందే చెబితే ఆగుతారు. కొనకముందే ఫోన్ చేసి “డెల్‌ది వేరే ఉందా?” అని అడిగేవాళ్లు పెరిగారు.

అయితే ఈ గడికీ ఒక చిక్కుంది. మేం అమ్మే సైట్‌లో వెతుకులాట ఆ గడిలోని మాటలను కూడా చదువుతుంది. ఎవరైనా డెల్ ఛార్జర్ అని వెతికితే, పనిచేయదని మేం రాసిన హెచ్‌పీ ఛార్జరే వాళ్లకు ఎదురవుతుంది! అందుకే ఇప్పుడు ఆ వాక్యాన్ని ఫొటోల్లో రెండో దానిమీద పెద్ద అక్షరాలతో వేస్తున్నాం, గడిలో మాత్రం ‘ఇతర బ్రాండ్లకు పనిచేయదు, రెండో ఫొటో చూడండి’ అని ఉంచాం. ఫోన్‌లో కొనేవాళ్లు కింది వివరాల దాకా రారు, ఫొటోలైతే తప్పకుండా జరిపి చూస్తారు. కాబట్టి ఇది ఇంకాస్త బాగానే పనిచేస్తోంది.

మోడల్ నంబర్ ఎక్కడ చూడాలో కూడా చెప్పాలి. డెల్ అడుగున P63F లాంటి నంబర్ ఒకటి అచ్చేసి ఉంటుంది. చాలామంది దాన్నే మోడల్ అనుకుని పంపుతారు. అది రెగ్యులేటరీ నంబర్, ఒకే నంబర్ కింద ఒకటికి మించి మోడళ్లు ఉంటాయి. మేం ఇప్పుడు దానికి బదులు పాత ఛార్జర్ లేబుల్ ఫొటో అడుగుతున్నాం. వోల్టులు అంతే ఉండాలి, వాట్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండవచ్చు. 45 వాట్ల ల్యాప్‌టాప్‌కు అదే బ్రాండు, అదే పిన్ ఉన్న 65 వాట్లది నిశ్చింతగా పెట్టుకోవచ్చు. 65 వాట్లు కావలసినదానికి 45ది పెడితే మెల్లగా ఎక్కుతుంది, హెచ్చరిక కూడా వస్తుంది.

ఎంత రాసినా ఆగని రిటర్న్‌లు కొన్ని ఉన్నాయి. డెల్‌కు డెల్ ఛార్జరే పెట్టినా, ల్యాప్‌టాప్ జాక్‌లో ఆ సమాచారం మోసే సన్న తీగ తెగిపోతే ఇవే లక్షణాలు వస్తాయి. పాత ఛార్జర్ కూడా ఇలాగే చేసిందా అని ముందే అడగాలి. అవునంటే తప్పు జాక్‌ది కావచ్చు, కొత్త ఛార్జర్ అమ్మడం కన్నా రిపేరుకు పంపడమే మేలు.

మాది చిన్న షాపు, పెట్టే రకాలు కొన్నే. ఏది దేనికి ఎక్కదో పీస్ చేతిలో పెట్టుకుని చూసి రాయగలం. వేల రకాలు పెట్టేవాళ్లకు ఇది సాధ్యమా అంటే చెప్పలేను. ఫోన్ కవర్లకు కూడా ఈ గడి పెట్టాం గానీ అక్కడ అంత తేడా కనిపించలేదు. గెలాక్సీ ఎం31 కవర్ ఎం31ఎస్‌కు పట్టదని రాస్తాం, అయినా చివరి అక్షరం చూడకుండా కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. కవర్ పట్టకపోతే పెట్టగానే తెలిసిపోతుంది. ఛార్జర్ అలా కాదు, పిన్ దూరాక కూడా మోసం చేస్తుంది. అందుకే నీలి పిన్ ఛార్జర్లు అమ్మేవాళ్లు మాత్రం ఈ గడిని ఖాళీగా వదలొద్దని నా మాట.