చేతికొచ్చిన షేరుపై కాల్: 480లోనా, 430లోనా?

గాజువాకలో మా బావ 500 రూపాయల షేరుపై 480 పుట్‌ను 12కి అమ్మాడు. లాట్ వెయ్యి షేర్లు. ఎక్స్‌పైరీ నాటికి ధర 420కి పడింది. మన దగ్గర స్టాక్ ఆప్షన్లకు డెలివరీ తప్పదు కాబట్టి 4.8 లక్షలు కట్టి షేర్లు తీసుకున్నాడు. ప్రీమియం పోగా ఒక్కోటి 468 పడింది. పుట్ అమ్మి, షేర్లు చేతికొస్తే వాటిపై కాల్ అమ్మే వీల్ పద్ధతి ఇరుక్కునేది సరిగ్గా ఇక్కడే.

వచ్చే నెల 480 కాల్ అమ్మితే 2 రూపాయలే వస్తాయి. నష్టానికి అమ్ముకునే భయం లేదు కానీ, డబ్బు నెలల తరబడి ఇరుక్కుపోవచ్చు.

430 కాల్‌కైతే 14 వస్తాయి. చూడగానే ఆశ పుడుతుంది. ధర 420 దగ్గరే ఆగితే కొన్న ధర 454కి దిగుతుంది, మంచిదే. కానీ 475కి ఎగిరిందా, షేర్లు 430కే ఇచ్చేయాలి. ప్రీమియం కలిపినా 444. షేరుకు 24 చొప్పున 24,000 నష్టం ఖాయమవుతుంది. పడినదంతా మనమే భరించి, కోలుకున్నది వేరొకరికి ఇచ్చినట్టు.

ధర 380కి జారితే రెండూ కాపాడవు. కంపెనీపై నమ్మకముంటే నేను 480నే అమ్ముతాను. నమ్మకం పోతే కాల్ జోలికే వెళ్లకుండా షేర్లు అమ్మేయమంటాను.