నలుగురికీ ఒకే తప్పు జవాబు

సీఏ ఇంటర్మీడియట్ ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్ కోసం మేం నలుగురం ఐదు నెలలు కలిసి చదివాం. అధ్యాయాలు పంచుకున్నాం. ఎవరి అధ్యాయానికి వారే నోట్సు రాసి మిగతావారికి పంపాలి, ఆ వారం ప్రశ్నపత్రమూ వారే తయారుచేయాలి. ఆదివారం ఉదయం గంటసేపు పరీక్ష. రెండో నెలలో ఈ ఏర్పాటును మా చెల్లి దగ్గర తెగ పొగిడాను. ఆ పొగడ్తలో సగం ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను.

పెట్టుబడి నిర్ణయాల అధ్యాయం ఒక మిత్రుడిది. ఆ ఆదివారం నలుగురికీ పూర్తి మార్కులు వచ్చాయి, టీ తాగి వెళ్ళిపోయాం. పది రోజుల తర్వాత ఇన్‌స్టిట్యూట్ పాత పరీక్షల సూచిత జవాబులు చూస్తుంటే, అలాంటి లెక్కలోనే అప్పు మీద వడ్డీని అసలు తీసివేయలేదని కనిపించింది. మా నోట్సులో తీసివేశాం.

మా లెక్క ఇది: యంత్రం 10 లక్షలు, అయిదేళ్ళు, ఏటా తరుగుదల 2 లక్షలు. తరుగుదలకు, వడ్డీకి, పన్నుకు ముందు లాభం 3.5 లక్షలు. పన్ను 30 శాతం, డిస్కౌంట్ రేటు 10 శాతం. అయిదు లక్షల అప్పు మీద వడ్డీ 60 వేలు. తరుగుదలతో పాటు వడ్డీ కూడా తీసేస్తే పన్ను పోగా మిగిలే 63 వేలకు తరుగుదల తిరిగి కలిపి ఏటా 2.63 లక్షలు వస్తాయి. అయిదేళ్ళ రాబడిని 10 శాతం రేటుతో ఈనాటి విలువకు మార్చాలంటే దాన్ని 3.791తో గుణించాలి, వచ్చేది 9.97 లక్షలు, అంటే దాదాపు మూడు వేల నష్టం. ప్రాజెక్టు వద్దని నలుగురం రాశాం. వడ్డీ తీయకపోతే ఏటా 3.05 లక్షలు, ఈనాటి విలువలో పెట్టుబడి పోగా మిగిలేది, అంటే ఎన్‌పీవీ, లక్షా 56 వేలు. ప్రాజెక్టు తీసుకోవలసిందే! అప్పు ఖర్చు ఆ 10 శాతంలోనే ఉంది కాబట్టి మేం వడ్డీని రెండుసార్లు లెక్కించాం.

మిత్రుడి మీద కోపం లేదు, నేను రాసిన నోట్సులోనూ పొరపాట్లు దొరికాయి. నా కోపం ఏర్పాటు మీదే. నోట్సు రాసినవారే ప్రశ్నా ఇచ్చి, మార్కులూ వేస్తే తప్పు బయటపడే దారేది? ఆ తర్వాత అధ్యాయం ఎవరిదైనా ప్రశ్నలు వేరొకరు పాత పరీక్షల నుంచి తీసేవారు, అధ్యాయం యజమాని కూడా కూర్చుని రాసేవాడు. మార్కులు పడిపోయాయి, ఒకరికి 40 శాతం కూడా దాటలేదు. అసలు పరీక్ష ముందు ఆ భయం నాకు పనికొచ్చింది.

నేను గట్టెక్కాను. అయితే నాకు కోచింగ్ లేదు, ఇంట్లో కదలకుండా కూర్చోబెట్టేవారూ లేరు, ఆదివారం భయం లేకపోతే వారంలో మూడు రోజులు పుస్తకం తెరిచేదాన్ని కాదు. తరగతులకు వెళ్ళేవారికి ఈ లాభం అంతగా ఉండకపోవచ్చు. ఇప్పటికీ నేను పంచుకున్న అధ్యాయం ఒక్కటే నాకు లోతుగా వచ్చు, మిగతావి విన్న చదువే. ఫైనల్‌కు మళ్ళీ ఆ ముగ్గురితోనే కూర్చుంటున్నాను, ఈసారి నోట్సు ఎవరివి వారివే.