ఎంగేజ్‌మెంట్ రేటు పెరిగిందని బిల్లు పెంచుతున్నారా? ముందు లెక్క అడగండి

మాది కడియపులంకలో చిన్న నర్సరీ. ఇన్‌స్టాగ్రామ్ పేజీ రిపోర్టు కోసం ఒకళ్ళకి నెలకి 3,000 కడుతున్నాను. పేరు చెప్పను. ఒకటో తారీకు పొద్దున్నే పీడీఎఫ్ దానంతట అదే మెయిల్‌కి వచ్చేస్తుంది. అంతకుముందు నెల ఎంగేజ్‌మెంట్ రేటు, అంటే పోస్టులకి జనం ఎంత స్పందించారన్న శాతం, 3.2 ఉంటే, మొన్న ఒక్కసారిగా 8.5 అని ఆకుపచ్చ బాణం వేసి పంపారు. సాయంత్రానికి ఫోను. "చూశారు కదండీ రిజల్టు, ఇక నుంచి 4,500 చేద్దామండీ" అని.

నేనూ సంబరపడ్డాను, అబద్ధమెందుకు. కానీ వాట్సాప్‌లో ఆర్డర్లేమీ అంతలా పెరగలేదు. మా మేనల్లుడు బీకాం. రిపోర్టు వెనకున్న షీటు తెప్పించమన్నాడు. రెండుసార్లు అడిగితే గానీ పంపలేదు.

నెలలో పెట్టినవి నాలుగే పోస్టులు. మూడు ఫొటోలు, ఒకటి కాగితపు పూల మొక్కకి అంటు కట్టే రీల్. ఇంటరాక్షన్లంటే ఇక్కడ లైకులు, కామెంట్లు, సేవ్‌లు, షేర్లు కలిపిన మొత్తం. మొదటి ఫొటో 1,000 మందికి చేరితే 120 వచ్చాయి, రెండోది 1,200 మందికి చేరితే 120, మూడోది 800 మందికి చేరితే 80. రీల్ మాత్రం ఎక్కడెక్కడికో వెళ్ళి 40,000 మందికి చేరింది, 800 వచ్చాయి. నా ఫాలోవర్లు 8,000.

పాత నెల లెక్క ఇలా ఉంది: ఒక్కో పోస్టుకి సగటున 256 ఇంటరాక్షన్లు, దాన్ని 8,000 ఫాలోవర్లతో భాగిస్తే 3.2 శాతం. కొత్త నెల మొత్తం 1,120, అంటే పోస్టుకి 280. అదే పద్ధతిలో చేస్తే 3.5 శాతం రావాలి. మరి 8.5 ఎక్కడిది? చెప్పాపెట్టకుండా హారం మార్చేశారు. ఫాలోవర్లు తీసేసి రీచ్, అంటే పోస్టు ఎంతమందికి చేరిందన్న అంకె, పెట్టారు. పోస్టుల రేట్లు 12, 10, 10, 2 అయ్యాయి. వాటి సగటే 8.5. పాత నెలని మాత్రం పాత లెక్కలోనే ఉంచి, రెండింటి మధ్య బాణం గీశారు!

మావాడు పాత నెల పోస్టుల్ని కూడా రీచ్‌తో భాగించి చూశాడు. అప్పుడు నాలుగూ ఇంచుమించు ఒకే రీచ్‌తో నడిచాయి, రేటు 9.1 వచ్చింది. అంటే వాళ్ళ కొత్త లెక్క ప్రకారమే పెరగలేదు, తగ్గింది.

అక్కడితో అయిపోలేదు. షీటులో ఉన్నది ఈ మొదటి లైను, మావాడు పెట్టమన్నది రెండోది:

```
=AVERAGE(D2:D5)
=SUM(C2:C5)/SUM(B2:B5)
```

B రీచ్, C ఇంటరాక్షన్లు, D పోస్టు రేటు. రెండోదైతే 1,120ని 43,000తో భాగించాలి, 2.6 శాతం వస్తుంది. మన భాషలో చెప్తాను. పది గులాబీ మొక్కలు వందేసి రూపాయలకీ, వెయ్యి నారు మొక్కలు పదేసి రూపాయలకీ అమ్మి, సగటున మొక్క 55 పలికిందంటే మా నాన్నగారు ఊరుకుంటారా? 1,010 మొక్కలకి వచ్చింది 11,000. మొక్కకి పదకొండు కూడా పడలేదు. మొదటి లైను సరిగ్గా అదే చేస్తోంది, 800 మంది చూసిన ఫొటోకీ 40,000 మంది చూసిన రీల్‌కీ ఒకే తూకం వేస్తోంది.

అలాగని 2.6 చూసి టెన్షన్ పడక్కర్లేదు. రీల్ మనల్ని ఎరగని వాళ్ళకి చేరింది, వాళ్ళు చూసి పైకి తోసేస్తారు, రేటు పడుతుంది. నా వరకు ఆ రీలే మంచి పని చేసింది. ఒక పోస్టు ఎంత నచ్చిందో తెలియాలంటే రీచ్‌తో భాగించాలి. ఉన్న ఫాలోవర్లలో కదలిక చూడాలంటే ఫాలోవర్ల లెక్క, కానీ రీల్ బయటికి వెళ్ళిన నెలలో అదీ ఉబ్బుతుంది. మొత్తం 1,120ని 8,000తో భాగించి 14 శాతం అనేవాళ్ళూ ఉన్నారు. ఎక్కువ పోస్టులు పెడితే చాలు, అది పెరిగిపోతుంది.

ఇంకోటి చూసుకోండి. జనవరి రిపోర్టు మళ్ళీ తీయమంటే, అప్పుడు 4 శాతం అన్నది ఇప్పుడు 2.5 అయింది. పోస్టుకి సగటు 200 మారలేదు. అప్పటి ఫాలోవర్లు 5,000, కానీ సాఫ్ట్‌వేర్ ఇవాళ్టి 8,000తో భాగించేసింది. అందుకే పాత పీడీఎఫ్‌లు డిలీట్ చేయకండి.

డబ్బు కట్టే ముందు షీటు అడగండి. లవంలో సేవ్‌లు, షేర్లు ఉన్నాయా, హారం ఏమిటి, సగటు ఎలా తీశారు, ఏ తేదీ ఫాలోవర్లు అన్నది రిపోర్టులోనే రాయమనండి. లెక్క మార్చిన నెలలో పాత నెలని కూడా కొత్త లెక్కలో చూపించమనండి. నేను ఇదంతా అడిగితే "అది మా సిస్టమ్ ఆటోమేటిక్‌గా చేస్తుందండీ" అన్నారు. 4,500 కాదు కదా, 3,000 కూడా ఆపేశాను. ఇప్పుడు మావాడే నెలకోసారి షీటు నింపుతున్నాడు, నాలుగు పోస్టులకి అరగంట పడుతోంది.