ఉద్యోగం పోయిన పరిచయస్తులు ఎదురైతే మొదటి మాట: ఏది మేలు?

ఇక్కడ పరిచయస్తులంటే దగ్గరి స్నేహితులు కారు. పేరు తెలుసు, ఎక్కడ పనిచేసేవారో తెలుసు, ఎదురుపడితే రెండు నిమిషాలు మాట్లాడతాం, అంతే. ఆయన ఉద్యోగం పోయిందని ఎవరో చెబితే మన చెవిన పడింది. మనకు తెలిసిందన్న సంగతి ఆయనకు తెలుసో లేదో చెప్పలేం. ఇంతలో ఆయనే ఎదురుగా వస్తున్నారు.

అలాంటప్పుడు మన నోట సాధారణంగా వచ్చేవి నాలుగు మాటలు: "ఇప్పుడేం చేస్తున్నారు?", "విన్నానండీ, చాలా బాధేసింది", "ఎలా ఉన్నారు?", "ఎన్నాళ్లకు కనబడ్డారండీ! సంతోషం." వీటిని తూచడానికి ఒక్క ప్రశ్న చాలు. ఉద్యోగం ఊసెత్తకుండా, అబద్ధమాడకుండా ఆయన ఈ మాటకు జవాబు చెప్పగలరా?

మొదటిది ఈ పరీక్షలో వెంటనే పోతుంది. "ఇప్పుడేం చేస్తున్నారు?" అంటే "ఖాళీగా ఉన్నాను" అని ఒప్పుకోవాలి, లేదా ఏదో అల్లి చెప్పాలి. అడిగినవాళ్లకు అందులో ఆరా తీసే ఉద్దేశం లేకపోవచ్చు. విన్నవాళ్లకు మాత్రం అది ఆరాయే. దీనికి చుట్టాలు ఇంకొన్ని ఉన్నాయి, అవి మరీ అమాయకంగా కనిపిస్తాయి. పనిరోజున పదకొండింటికి ఎదురైన మనిషిని "ఇవాళ సెలవా?" అనడం ఒకటి. "ఏంటి, ఈమధ్య అసలు కనబడట్లేదు?" ఇంకొకటి. ఉద్యోగం పోయిన కొత్తలో చాలామంది కావాలనే నలుగురిలోకి రారు. ఎందుకు దాక్కున్నావని అడిగినట్టే తగులుతుంది ఆ మాట.

రెండోది, "విన్నానండీ, బాధేసింది", నిజాయితీగల మాటే. కొన్ని చోట్ల ఇదే సరైనది కూడా, ఆ సంగతి తర్వాత చెబుతాను. దారిలో ఎదురైనప్పుడు మాత్రం దీనితో రెండు చిక్కులున్నాయి. ఆయన పాలు కొనడానికో, మెట్లు దిగడానికో బయల్దేరి ఉంటారు. ఆ పూటకు ఆ సంగతి మనసులో పక్కన పెట్టి ఉండొచ్చు. పరామర్శకొచ్చినట్టు మనం మొదలుపెడితే అక్కడికక్కడే ఆయన దాన్ని మళ్లీ ఎత్తుకోవాలి. రెండోది, "ఎవరు చెప్పారు?" అన్న అనుమానం. ఈయనకే తెలిసిందంటే ఇంకెంతమందికి తెలుసో అనుకుంటారు. పక్కన మూడో మనిషి ఉంటే, ఆ మనిషికి అప్పటిదాకా తెలియకపోతే, మనం ఓదార్చినట్టు కాదు, చాటింపు వేసినట్టు అవుతుంది.

మూడోది, "ఎలా ఉన్నారు?", దగ్గరే కొంచెం ఆగాలి. అందరం వాడే మాట, హాని లేనిదిగా కనిపిస్తుంది. సంభాషణలను అచ్చంగా రికార్డు చేసి పరిశీలించిన హార్వీ శాక్స్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలోనే దీని లోపలి పేచీని చూపించారు. కష్టంలో ఉన్న మనిషి ఈ ప్రశ్నకు నిజం చెబితే అవతలివాళ్లు "ఏమైంది?" అని అడిగి తీరాల్సి వస్తుంది. అందుకని తన కష్టం చెప్పుకోదగినంత దగ్గర కానివాళ్లతో "బాగున్నాను" అని అబద్ధమాడేస్తారు. ఆయన తోటి పరిశోధకురాలు గెయిల్ జెఫర్సన్ 1980లో ఇంకో సూక్ష్మం పట్టుకున్నారు. పూర్తిగా బాగున్నామని అనకుండా, బాగాలేమనీ అనకుండా వచ్చే నడిమి జవాబు వెనకాల చాలాసార్లు ఏదో కష్టం ఉంటుంది, కానీ అది బయటికి వస్తుందన్న హామీ లేదు. మన మాటల్లో అది "ఏదో... అలా నడుస్తోందండీ." ఆ "ఏదో" తర్వాత వచ్చే చిన్న విరామం చెప్పాలా వద్దా అన్న తూకం. అక్కడ మనం "ఏం, ఏమైంది?" అని దూరితే ఆ తూకం ఆయన చేతిలోంచి మన చేతిలోకి వచ్చేస్తుంది. "ఊఁ" అని తలూపి ఆగితే చెప్పాలనుకుంటే చెబుతారు, లేకపోతే ఆయనే మాట మార్చేస్తారు.

కాబట్టి "ఎలా ఉన్నారు?" చెడ్డ మాటేమీ కాదు. దాని మంచీ చెడూ గొంతులో ఉంటుంది. ఎప్పట్లాగే వేగంగా, నడుస్తూ అంటే "బాగున్నా, మీరు?" అని దాటేసే వీలుంటుంది. గొంతు తగ్గించి, తల కొంచెం పక్కకు వంచి, "ఎ...లా ఉన్నారు?" అని సాగదీస్తే మాత్రం మనకన్నీ తెలుసని చెప్పకనే చెప్పినట్టు. ప్రశ్నను చిన్నది చేద్దామని "ఇవాళ ఎలా ఉంది?" అనేవాళ్లూ ఉన్నారు. తెలుగులో అది మంచం మీదున్న మనిషిని అడిగినట్టుంటుంది, వద్దు. ఏదైనా కుశలం అడగకుండా ఉండలేమనిపిస్తే "బాగున్నారా?" మేలు. "ఆఁ" అంటే చాలు, జవాబు అయిపోతుంది.

నా ఓటు నాలుగోదానికి. "ఎన్నాళ్లకు కనబడ్డారండీ! సంతోషం." ఇది ప్రశ్న కాదు కనుక దీనికి జవాబు బాకీ ఉండదు. ఆయన నవ్వొచ్చు, "అవునండీ, చాలా రోజులైంది" అనొచ్చు, ఏమీ అనకపోయినా తప్పులేదు. పైగా ఉద్యోగం ఉన్నా లేకపోయినా మీరు కనబడితే నాకు సంతోషమే అన్న సంగతి ఇందులో ఎలాగూ ఉంది. ముందు చెప్పిన "కనబడట్లేదేం?"కీ దీనికీ తేడా గమనించండి. రెండింట్లోనూ ఉన్నది చాన్నాళ్లు కలవలేదనే. ఒకటి లెక్క అడుగుతుంది, రెండోది కలిసినందుకు సంబరపడుతుంది. రోజూ ఎదురయ్యేవాళ్లతో "ఎన్నాళ్లకు" కుదరదు కదా, అక్కడ పేరు పెట్టి "నమస్తే" అని ఒక నవ్వు చాలు.

దీని లోటు ఒకటే. ఇది అన్నాక మాట ఆగిపోతుంది. ఆ మౌనం భరించలేక చాలామంది సరిగ్గా అక్కడే జారతారు, నోటికొచ్చిన మొదటి ప్రశ్న అడిగేస్తారు. కాబట్టి రెండో వాక్యం ముందే సిద్ధంగా ఉండాలి. అది ఇద్దరి కళ్లకూ ఎదురుగా ఉన్నదాని గురించి అయితే మంచిది: పట్టిన మబ్బు, పనిచేయని లిఫ్టు, ఆయన చేతిలోని మొక్క. ఇంటి సంగతులు పైకి తటస్థంగా కనిపిస్తాయి గానీ కావు. "ఇల్లు ఎంతవరకు వచ్చింది?" అంటే అప్పు వాయిదాలు గుర్తొస్తాయి. "పిల్లాడు ఏ కాలేజీ?" అంటే ఫీజులు. "సెలవులకు ఎక్కడికి?" అంటే చెప్పనే అక్కర్లేదు. జీతం ఆగిన ఇంట్లో డబ్బు తగలని విషయం దొరకడం కష్టం. మబ్బుకు ఆ బెడద లేదు.

ఒక సందర్భం తీసుకుందాం. ఒకే భవనంలో ఉండే ఇద్దరు, లిఫ్టు దగ్గర, పక్కన మరో ఇద్దరు నిలబడి ఉన్నారు.

"ఎన్నాళ్లకు కనబడ్డారండీ! సంతోషం."

"అవునండీ, చాలా రోజులైంది. మీరెలా ఉన్నారు? ఆఫీసు ఎలా ఉంది?"

ఇదిగో, అసలు పరీక్ష ఇక్కడ. పని గురించి ఆయనే అడిగారు గనక తిరిగి అడగొచ్చనుకోవడం పొరపాటు. అలవాటుగా అడిగి ఉంటారు, లేదా మన వైపుకు మాట నెట్టేసి తాను తప్పుకోవడానికి అడిగి ఉంటారు. "అబ్బో, ఒకటే పని, ఊపిరాడట్లేదు, మానేద్దామనిపిస్తోంది" అనే మామూలు సణుగుడు ఈ ఒక్క మనిషి ముందు వద్దు. మనకు బరువైనదే ఆయనకు లేనిది. అలాగని ఆఫీసు బాగుందని వర్ణించనూ అక్కర్లేదు.

"నడుస్తోందండీ, మామూలే. ఈ లిఫ్టే నాలుగు రోజులుగా సతాయిస్తోంది."

"నిన్న నేను మెట్లెక్కే వెళ్లాను."

ఇంతటితో ముగిసినా పలకరింపు నిండుగానే ఉంది. ఒకవేళ ఆ ఇద్దరూ దిగిపోయాక ఆయనే, "మీకు తెలిసే ఉంటుంది, మా కంపెనీలో తీసేశారు" అన్నారనుకుందాం. అప్పుడు "అవునా!" అని ఆశ్చర్యం నటించకూడదు. ముఖం ఎలాగూ పట్టిస్తుంది. "కొంచెం విన్నానండీ. కష్టంగానే ఉండి ఉంటుంది" అని ఆగాలి, ఎవరి ద్వారా విన్నామో చెప్పకుండా. ఎందుకు తీశారు, ఎంత ఇచ్చారు, ఎక్కడైనా ప్రయత్నిస్తున్నారా అన్న మూడూ ఇక్కడే నాలుక చివరకొస్తాయి. ఆయన చెప్పినంత వినడమే. "అంతా మన మంచికే", "పోన్లెండి, ఇంకా మంచిది వస్తుంది" లాంటివి ఓదార్పుగా అంటాం గానీ అవి మాట అక్కడితో చాలించమన్నట్టు పనిచేస్తాయి. ఆడవాళ్లతోనైతే ఇంకో ప్రత్యేకమైన మొద్దు మాట ఉంది: "పోన్లే అమ్మా, పిల్లలకు టైమ్ దొరికింది." ఆవిడ ఉద్యోగం సరదాకు చేసిందన్నట్టు.

"మీ రెజ్యూమె పంపండి, చూద్దాం" అనడం కూడా మొదటి పలకరింపులో వద్దు. నిజంగా ఎవరికైనా పంపే ఉద్దేశం ఉంటే మర్నాడు ఫోన్ చేసి ఎవరికి పంపుతామో చెప్పి అడగొచ్చు. లిఫ్టు దగ్గర ఊరికే అంటే ఆయన పంపుతారు, వారంపాటు జవాబు కోసం చూస్తారు, ఆ తర్వాత మనల్ని చూసి తప్పుకుంటారు.

ఇక "విన్నాను, బాధేసింది" సరైనదయ్యే చోటు. ఉద్యోగం పోయిన సంగతి ఆయనే నలుగురికీ తెలిసేలా పోస్టు పెట్టుకుంటే లెక్క తిరగబడుతుంది. అప్పుడు ఏమీ తెలియనట్టు మబ్బుల గురించి మాట్లాడితే ముఖం చాటేసినట్టుంటుంది. అప్పుడు కూడా నలుగురిలో కాదు, విడిగా ఒక మెసేజ్ మేలు: "మీ పోస్టు చూశానండీ. చదివి బాధేసింది. జవాబు రాయక్కర్లేదు, ఊరికే పలకరిద్దామని." ఇందులో ప్రశ్న గుర్తు ఒక్కటి కూడా లేదు, అది కావాలనే. మెసేజ్‌లో ప్రశ్న పెడితే, చదివినట్టు టిక్కులు పడ్డాక, జవాబివ్వకపోవడమూ ఒక జవాబైపోతుంది. చివరి వాక్యం ఆ బాకీని ముందే కొట్టేస్తుంది. సంగతి మూడో మనిషి ద్వారా తెలిసిందైతే ఈ మెసేజ్ పంపకండి. "గుర్తొచ్చారు, పలకరిద్దామని" అన్నంత వరకే రాయండి. మెసేజ్ పంపాక రెండు మూడు రోజుల్లో ఆయన ఎదురైతే "నా మెసేజ్ చూశారా?" అనకూడదు. మళ్లీ లిఫ్టు దగ్గరి మాటే, "సంతోషం"తో మొదలుపెట్టి.