ఫేజ్ షిఫ్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

విశాఖలో ట్రాన్స్‌మిషన్ పని తెలిసినవాళ్ల దగ్గర పవర్‌ని కావలసిన వైపు మళ్లించే మాట ఎత్తితే ముందు గాజువాక హెచ్‌వీడీసీ బ్యాక్ టు బ్యాక్ కన్వర్టర్ స్టేషనే గుర్తొస్తుంది. ఒక్కోటి 500 మెగావాట్ల రెండు పోల్స్. ఎన్ని మెగావాట్లు పంపమని ఆర్డర్ ఇస్తే అన్నే పంపుతుంది. ఫేజ్ షిఫ్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్ కూడా అలాంటిదే అనుకుంటే నిరాశ తప్పదు. ఇది మెగావాట్లను నేరుగా సెట్ చేయదు. లైన్‌లో కొన్ని డిగ్రీల కోణం కలుపుతుంది, అంతే. ఆ కోణానికి ఎంత పవర్ కదలాలో చుట్టూ ఉన్న నెట్‌వర్క్ తేలుస్తుంది. ఈ సంగతి ఒప్పుకుని వాడితే మాత్రం, కన్వర్టర్ ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువలో పని జరిగిపోతుంది.

నేను రాస్తున్నది 220 కేవీ, 315 ఎంవీఏ, రెండు ట్యాంకుల సిమెట్రికల్ రకం గురించి. సిమెట్రికల్ అంటే కోణం మారినా వోల్టేజి మారదు. టాప్ ఒక మెట్టుకు నో-లోడ్‌లో 1.5 డిగ్రీలు. స్టేషన్ విశాఖది కాదు. లెక్క సులువుగా ఉండాలని అంకెల్ని గుండ్రం చేశాను.

రెండు సబ్‌స్టేషన్ల బస్‌బార్ల మధ్య రెండు లైన్లున్నాయి. ‘ఏ’ లైన్ పొట్టిది, పాతది. దాని రియాక్టెన్స్ 24 ఓమ్‌లు, 200 మెగావాట్లు దాటితే కండక్టర్ వేడెక్కుతుంది. ‘బీ’ లైన్ పొడుగుది, కొత్తది. రియాక్టెన్స్ 48 ఓమ్‌లు, 300 మెగావాట్లైనా మోయగలదు. మొత్తం 300 పంపితే ‘ఏ’ మీద 200, ‘బీ’ మీద 100 పారతాయి. అంటే బలమైన లైన్ ఖాళీగా ఉంటుంది, బలహీనమైనది అంచుకు చేరుతుంది. ఫేజ్ షిఫ్టింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌ని, అంటే పీఎస్‌టీని, ‘బీ’ లైన్‌లోనే పెట్టాం.

కొత్తవాళ్లు మొదట తికమకపడేది ఇక్కడే. న్యూట్రల్ టాప్‌లో సర్వీసులోకి తీసుకోగానే ‘ఏ’ మీద లోడ్ తగ్గదు, పెరుగుతుంది. పీఎస్‌టీ సొంత రియాక్టెన్స్ 12 ఓమ్‌లు ‘బీ’కి చేరి అది 60 అవుతుంది కాబట్టి పంపకం 214, 86గా మారుతుంది. మనం పెట్టే కోణంలో కొంత ఈ నష్టాన్ని పూడ్చడానికే పోతుంది.

కోణంతో కదిలే పవర్‌ని అంచనా వేయడానికి ఒక్క సూత్రం చాలు. V లైన్ వోల్టేజి కేవీలో, XA, XB రెండు లైన్ల రియాక్టెన్స్‌లు ఓమ్‌లలో, ‘బీ’కి పీఎస్‌టీది కూడా కలిపి. α అనే కోణం రేడియన్లలో తీసుకోవాలి.

```
P = V² × α / (XA + XB)
```

220 వర్గాన్ని 84తో భాగిస్తే రేడియన్‌కు 576 మెగావాట్లు, అంటే డిగ్రీకి దాదాపు 10. ఒక టాప్‌కు 15 మెగావాట్లు కదులుతాయి. ‘బీ’ మీద పవర్ పెంచే అడ్వాన్స్ వైపు నాలుగు టాప్‌లు వేస్తే 6 డిగ్రీలు. ‘ఏ’ 154కి దిగుతుంది, ‘బీ’ 146కి ఎక్కుతుంది. ఇక్కడివరకు ఈ యంత్రానికి పూర్తి మార్కులు వేస్తాను. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది, లెక్కకు మీటర్‌కు తేడా కొద్దిగానే ఉంటుంది. కాకపోతే రెండు ట్యాంకుల రకంలో టాప్ న్యూట్రల్‌కు దూరమయ్యేకొద్దీ సొంత రియాక్టెన్స్ పెరుగుతుంది. అందుకే చివరి టాప్‌లలో ఒక్కో మెట్టుకు కదిలే మెగావాట్లు తగ్గుతాయి.

అసలు ప్రమాదం ప్రవాహం తిరగబడ్డప్పుడు వస్తుంది. రెండోవైపు జనరేషన్ పెరిగి అదే 300 మెగావాట్లు ఎదురు దిశలో పారడం మొదలైందనుకోండి. టాప్ పాత చోటే ఉంటే ఆ 6 డిగ్రీలు కదిల్చే 60 మెగావాట్లు కూడా పాత దిశలోనే తిరుగుతాయి. ‘బీ’లో అవి ప్రవాహానికి అడ్డుపడితే ‘ఏ’లో తోడవుతాయి. ‘బీ’ మీద 26 మిగిలి, ‘ఏ’ మీద 274 పడతాయి. ఏ లైన్‌ని కాపాడటానికి యంత్రం కొన్నామో ఆ లైన్‌నే అది ముంచుతుంది. మధ్యలో, నికర ప్రవాహం సున్నా దగ్గర ఉన్నప్పుడు కూడా 60 మెగావాట్లు ‘బీ’లో వెళ్లి ‘ఏ’లో తిరిగొస్తూ ఊరికే నష్టాన్ని పెంచుతుంటాయి. రెండు లైన్ల మీద సమానమైన మెగావాట్లు ఎదురెదురు దిశల్లో కనబడితే టాప్ అనవసరంగా ఎక్కి ఉందని అర్థం. మొత్తం ప్రవాహం 100 కంటే తగ్గుతుండగానే టాప్‌ని న్యూట్రల్ వైపు దింపడం మొదలుపెట్టాలన్న నియమం షిఫ్ట్ ఇంజనీర్ టేబుల్ మీద రాసి ఉండాలి. లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి ఫోన్ వచ్చేదాకా ఆగితే ఆలస్యమే.

ఆటోమేటిక్‌లో పెట్టొచ్చు కదా అంటారు. పెట్టొచ్చు, కానీ టాప్ కదలకుండా ఊరుకునే డెడ్‌బ్యాండ్ మొత్తం వెడల్పు ఒక టాప్ కదిలించే పవర్ కంటే ఎక్కువ ఉండాలి. మన లెక్కలో ప్లస్ మైనస్ 10 సరిపోతుంది. ప్లస్ మైనస్ 5 పెడితే ఒక టాప్ ఎక్కి, అటు దాటి, మళ్లీ దిగి, రోజంతా అదే ఆట. టాప్ ఛేంజర్ కాంటాక్టులు ఊరికే అరుగుతాయి. టాప్ మారడానికి సెకన్లు పడుతుంది కాబట్టి పవర్ ఊగిసలాటల్ని ఆపమని దీన్ని అడగొద్దు.

‘ఏ’ ట్రిప్ అయితే ఏమవుతుంది? 300 మెగావాట్లూ ‘బీ’ మీదికి వస్తాయి. అప్పుడు టాప్ ఎటు తిప్పినా మెగావాట్లు కదలవు, ఎందుకంటే పక్కదారి లేదు. మారేది ‘ఏ’ బ్రేకర్‌కి అటూ ఇటూ ఉన్న కోణం మాత్రమే. పీఎస్‌టీ న్యూట్రల్‌లో ఉంటే అది సుమారు 21 డిగ్రీలు, 6 డిగ్రీల అడ్వాన్స్‌లో ఉంటే సుమారు 15. బ్రేకర్ మూసేముందు ఆ కోణాన్ని చూసే సింక్ చెక్ రిలే 20 దగ్గర సెట్ అయి ఉంటే లైన్ తిరిగి కలుస్తుందా లేదా అన్నది టాప్ తేలుస్తుంది. కంగారులో టాప్‌ని న్యూట్రల్‌కు తెచ్చేస్తే రిలే క్లోజింగ్ ఇవ్వదు.

పీఎస్‌టీని పక్కనపెట్టి లైన్‌ని నేరుగా కలిపే బైపాస్ బ్రేకర్ విషయంలో సర్దుబాటు ఉండకూడదు. న్యూట్రల్‌లో కాకుండా 6 డిగ్రీల్లో ఉండగా బైపాస్ మూస్తే 13 కేవీ పైచిలుకు వోల్టేజి ఆ 12 ఓమ్‌ల మీదే పడుతుంది. సుమారు 1,100 ఆంపియర్లు లోపలే తిరుగుతాయి. రేటెడ్ కరెంట్ 827 మాత్రమే. అందుకని న్యూట్రల్ ఇంటర్‌లాక్ తప్పనిసరి. ఆ ఇంటర్‌లాక్ నమ్మేది టాప్ పొజిషన్ సూచికని, ఆ సూచికేమో ఒక్కోసారి ఇరుక్కుపోతుంది. దీన్ని పట్టుకునే సులువైన దారి ఉంది. పీఎస్‌టీ రెండువైపుల పీటీల మధ్య కోణాన్ని కొలవండి. 6 డిగ్రీల అడ్వాన్స్‌లో 146 మెగావాట్లు పారుతుంటే సొంత రియాక్టెన్స్‌లో 2 డిగ్రీలు పోయి దాదాపు 4 కనబడాలి. రెండున్నరే కనబడితే అసలు టాప్ ఒక మెట్టు వెనక ఉన్నట్టు. అడ్వాన్స్‌కు ఎదురైన రిటార్డ్ వైపు ఈ 2 డిగ్రీలు తగ్గవు, నో-లోడ్ కోణానికి కలుస్తాయి. నేమ్‌ప్లేట్‌లో ఉన్న గరిష్ఠ కోణం నో-లోడ్‌దా లోడ్‌దా అని కొనేముందే అడగాలి.

నాకు బొత్తిగా నచ్చనిది ప్రొటెక్షన్ వైపు. కోణం మారుతూ ఉంటుంది కాబట్టి మామూలు ట్రాన్స్‌ఫార్మర్ డిఫరెన్షియల్ ఇక్కడ సరిపడదు. లైన్ రెండు చివర్లతోపాటు ఎక్సైటింగ్ వైండింగ్ కరెంట్ కూడా కొలవాలి, దాని సీటీలు ట్యాంకు లోపల ఉంటాయి. వాటిలో ఒకటి చెడితే ఆయిల్ దించక తప్పదు. వైండింగ్‌లో చుట్ల మధ్య చిన్న ఫాల్ట్‌ని డిఫరెన్షియల్ కంటే బుకోల్జ్ రిలేనే ముందు పసిగట్టొచ్చు, దాని అలారాన్ని గాలి బుడగ అని కొట్టిపారేయకండి.

మన సముద్రపు ఒడ్డున పెట్టాల్సి వస్తే బుషింగ్‌లకు కేవీకి 31 మిల్లీమీటర్ల క్రీపేజ్ అడగండి. 245 కేవీకి అది దాదాపు 7.6 మీటర్లు. రెండు ట్యాంకులు కాబట్టి రేడియేటర్లు, మార్షలింగ్ బాక్సులు కూడా రెట్టింపు, ఉప్పుగాలికి ముందు తుప్పు పట్టేవి అవే. రేడియేటర్లు గాల్వనైజ్ చేసినవే కావాలని, బాక్సుల్లో హీటర్లు ఉండాలని టెండర్‌లోనే రాయించుకోవాలి.